పెళ్లి టిఫిన్ బఫే: టైమింగులు వేయడం, లేబుళ్లు రాయడం ఎలా?

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. అమెరికా నుంచి వచ్చే పిల్లాడికి పల్లీలు పడవు. అల్లుడి ఆఫీసు స్నేహితుల్లో జైనులు ఉన్నారు. తాతయ్యకు షుగర్, ఏడు గంటలకల్లా ఏదో ఒకటి తినాలి. వీళ్లందరికీ ఒకే హాల్లో టిఫిన్ పెట్టి, ఏది ఎవరు తినొచ్చో చీటీల మీద ఎలా రాయాలి?

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. ముహూర్తం ఉదయం 10.20కి. అతిథులు 120 మంది, బస చేసిన హోటల్లోనే టిఫిన్. మెనూలో ఇడ్లీ, మినప గారె, పెసరట్టు ఉప్మా, కట్టె పొంగలి, పూరీ కూర, కేసరి ఉన్నాయి. పక్కన పల్లీ చట్నీ, కొబ్బరి చట్నీ, అల్లం పచ్చడి, కారప్పొడి, సాంబారు. పిల్లల కోసం ఒక మూల ఆమ్లెట్ కౌంటర్.

## 1. ముందుగా అతిథుల సంగతి తెలుసుకోండి

లేబుల్ డిజైన్ గురించి ఆలోచించే ముందు ఎవరెవరు వస్తున్నారో కనుక్కోవాలి. పెళ్లికి పది రోజుల ముందే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క మెసేజ్ పెట్టండి: "మీ ఇంట్లో ఎవరికైనా పడని పదార్థం ఏదైనా ఉంటే పేరు, రూమ్ నంబరుతో చెప్పండి."

"స్పెషల్ డైట్ ఏమైనా ఉందా?" అని అడగకండి. అలా అడిగితే నూనె తగ్గించమనేవాళ్ల నుంచి కీటో వాళ్లదాకా అందరూ రాస్తారు. మనకు కావాల్సిన రెండు మూడు పేర్లు ఆ గుంపులో కలిసిపోతాయి.

వచ్చిన జవాబులను రెండుగా విడదీయండి.

- తింటే ప్రమాదం: పల్లీ, జీడిపప్పు లాంటి నట్స్ అలర్జీ, గోధుమ పడని సీలియాక్ జబ్బు, పాలు లేదా గుడ్డు అలర్జీ.
- తినరు: గుడ్డు ముట్టనివాళ్లు, ఉల్లి వెల్లుల్లి మానినవాళ్లు, దుంపలు తినని జైనులు, కారం తట్టుకోలేనివాళ్లు.

మొదటి జాబితాలో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి మాట్లాడాలి. "నట్స్ పడవు" అన్నవారిని పల్లీలా, జీడిపప్పు బాదం లాంటివా, రెండూనా అని అడగండి. పల్లీ పప్పుధాన్యాల జాతిది, జీడిపప్పు చెట్టుకు కాసేది. ఒకటి పడనివాళ్లకు రెండోది పడొచ్చు, పడకపోవచ్చు. కొబ్బరి, నువ్వుల సంగతి కూడా విడిగా అడగాలి. మన చట్నీల్లో, పొడుల్లో ఈ రెండూ తరచూ పడతాయి.

## 2. వంట మాస్టారితో కూర్చుని కిచెన్ షీట్ రాయండి

మెనూ కార్డు చూసి లేబుల్ రాయడమే ఈ పనిలో అన్నిటికంటే పెద్ద తప్పు. "కొబ్బరి చట్నీ" అన్న పేరు చూసి నట్స్ లేవని రాసేస్తారు. హోటళ్లలో, కేటరింగ్‌లో కొబ్బరి చట్నీ చిక్కగా రావాలని పుట్నాలు వేస్తారు. అవి చాలనప్పుడు గుప్పెడు పల్లీలు కూడా పడతాయి. మాస్టారు దాన్ని తప్పు అనుకోరు, ఆయన దృష్టిలో అది కొబ్బరి చట్నీయే.

అందుకే అడిగే తీరు మార్చాలి.

"మాస్టారూ, కొబ్బరి చట్నీలో పల్లీలు వేస్తారా?" అంటే "లేదండీ" అంటారు. "మాస్టారూ, కొబ్బరి చట్నీకి ఏమేం తీసుకుంటారో మొదటి నుంచి చెప్పండి, రాసుకుంటాను" అంటే కొబ్బరి, పుట్నాలు, పచ్చిమిర్చి, కొంచెం పల్లీలు, తాలింపు అని వరసగా వస్తాయి.

ఒక్కో వంటకానికి ఒక్కో వరస రాయండి. పదార్థాలు, వాడే నూనె, రుబ్బే గ్రైండర్, కాల్చే పెనం అన్నీ అందులో ఉండాలి. మన ఉదాహరణలో షీట్ ఇలా వచ్చిందనుకుందాం.

- ఇడ్లీ: మినప్పప్పు, ఇడ్లీ రవ్వ, ఉప్పు. నట్స్ లేవు, కారం లేదు.
- మినప గారె: పచ్చిమిర్చి, అల్లం, మిరియాలు. వేయించేది ఏ నూనెలో అన్నది అడగాలి.
- ఉప్మా: బొంబాయి రవ్వ, అంటే గోధుమ. తాలింపులో జీడిపప్పు, పల్లీలు రెండూ.
- పెసరట్టు: పెసలు, అల్లం, పచ్చిమిర్చి, పైన ఉల్లిపాయ.
- కట్టె పొంగలి: నెయ్యి, జీడిపప్పు, మిరియాలు.
- పూరీ కూర: గోధుమపిండి, బంగాళాదుంప, ఉల్లిపాయ.
- కేసరి: గోధుమ రవ్వ, నెయ్యి, జీడిపప్పు, కిస్‌మిస్.
- కొబ్బరి చట్నీ: పైన చెప్పిన తంటా ఇక్కడే.
- కారప్పొడి: ఎండుమిర్చి, పప్పులు, వెల్లుల్లి. నువ్వులో పల్లీలో కలిసే అవకాశం ఉంది, అడగాలి.
- సాంబారు: ఉల్లిపాయ, ఇంగువ. డబ్బా ఇంగువలో చాలా బ్రాండ్లు గోధుమపిండి లేదా మైదా కలుపుతాయి. సీలియాక్ ఉన్నవాళ్లు వస్తుంటే డబ్బా వెనక చదవండి.

నూనె దగ్గర ఇంకొంచెం ఆగాలి. బాగా శుద్ధి చేసిన రిఫైన్డ్ పల్లీ నూనెలో అలర్జీ తెచ్చే ప్రోటీన్ దాదాపు ఉండదు. గానుగ నూనె అలా కాదు, ప్రోటీన్ మిగిలే ఉంటుంది. ఇప్పుడు చాలా ఇళ్లలో "మంచి నూనె వాడండి" అని గానుగ పల్లీ నూనె డబ్బాలు తెప్పించి మరీ ఇస్తున్నారు. పల్లీ అలర్జీ ఉన్న అతిథి వస్తుంటే ఆ పూటకు పొద్దుతిరుగుడు నూనె వాడమనడమే తేలిక. అలా చేస్తే గారె, పూరీ, పెసరట్టు మూడింటికీ ఒకేసారి ప్రశ్న తీరిపోతుంది.

## 3. వంటలో చిన్న మార్పులు చేయించండి

షీట్ చూశాక కొన్ని లేబుళ్ల అవసరమే తీసేయొచ్చు. నా ఉద్దేశంలో సగం పని ఇక్కడే పూర్తి కావాలి.

కొబ్బరి చట్నీలో పల్లీలు మానిపించి పుట్నాలతో సరిపెట్టమనండి. గ్రైండర్‌లో ముందు కొబ్బరి చట్నీ, ఆఖరున పల్లీ చట్నీ రుబ్బాలి. ఒకే గ్రైండర్ అయితే వరస తిరగబడకూడదు. రెండో వాయికి మళ్లీ కొబ్బరి చట్నీ కావాల్సి వస్తే రాయి, గిన్నె సబ్బుతో కడగాలి. నీళ్లు పోసి ఒక తిప్పు తిప్పితే చాలదు.

ఉప్మా తాలింపులో పల్లీలు మానేసి జీడిపప్పు ఉంచొచ్చు, లేదా రెండూ మానేయొచ్చు. పొంగలిలో, కేసరిలో జీడిపప్పు నెయ్యిలో వేయించి ఆఖరున కలుపుతారు కాబట్టి, దాన్ని విడిగా చిన్న గిన్నెలో పెట్టమని అడగొచ్చు. మాస్టారు ఒప్పుకోకపోతే పట్టు పట్టకండి. లేబుల్ మీద స్పష్టంగా రాస్తే సరిపోతుంది.

ఆమ్లెట్ పెనం మీద పెసరట్టు వేయకూడదు. శాకాహార గుర్తు ఎక్కువగా అబద్ధమయ్యేది ఈ పెనం దగ్గరే. రద్దీ పెరగగానే ఆమ్లెట్ కుర్రాడు ఖాళీగా ఉన్నాడని అతని పెనం వాడేస్తారు. రెండు కౌంటర్లు పక్కపక్కన పెట్టకపోతే ఆ చాన్స్ ఉండదు. పెళ్లి రోజు గుడ్డు వద్దని పెద్దలంటే సమస్యే లేదు. పెట్టేటట్లయితే హాలుకు రెండో చివర పెట్టండి.

## 4. టైమింగులు ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టండి

10.20 ముహూర్తానికి అందరూ 9.45కల్లా మండపంలో ఉండాలి. తిన్నాక చేతులు కడుక్కుని, చీర సర్దుకుని, మండపానికి చేరడానికి అరగంట పడుతుంది. అంటే టిఫిన్ 9.15కి ముగియాలి. అక్కడి నుంచి వెనక్కి వెళ్దాం.

- 5.30: కాఫీ, టీ, పాలు, బిస్కెట్లు. విమానం దిగి నిద్రపట్టనివాళ్లు, రాత్రి రైలు దిగినవాళ్లు అప్పటికే కింద ఉంటారు.
- 6.30: ఇడ్లీ, సాంబారు, కొబ్బరి చట్నీ మాత్రమే. షుగర్ మందులు వేసుకునేవాళ్లకు, ముహూర్తం పనులున్న దగ్గరివాళ్లకు ఇది.
- 7.00: పూర్తి బఫే.
- 7.45 నుంచి 8.45: అసలు రద్దీ. పెసరట్టు, పూరీ కౌంటర్లలో మనుషులు పెరగాలి.
- 9.00: పెసరట్టు, పూరీ, ఆమ్లెట్ ఆర్డర్లు ఆపడం.
- 9.15: బఫే మూసివేత.

"7 నుంచి 9.15" అని ప్రకటిస్తే 9.10కి వచ్చినవాడికి ఇడ్లీ దొరకాలి. చాలాచోట్ల 8.50కే గిన్నెలు ఎత్తేయడం మొదలుపెడతారు. ఆఖరి వాయి ఎప్పుడు దించాలో, గిన్నెలు ఎప్పుడు ఎత్తాలో కేటరర్‌కు రెండు వేర్వేరు సమయాలుగా రాసివ్వండి.

ముందురోజు రాత్రి తొమ్మిదికి ఒక్క మెసేజ్ పంపండి. మూడు లైన్లు చాలు: "టిఫిన్ 7 నుంచి 9.15, గ్రౌండ్ ఫ్లోర్ హాల్. త్వరగా కావాల్సినవాళ్లకు 6.30కే ఇడ్లీ. వేడి పెసరట్టు, పూరీ 9 దాకానే." ఇదే లిఫ్ట్ దగ్గర ఒక కాగితం మీద అంటించండి. అత్తయ్యలు మావయ్యలు వాట్సాప్ చూడకపోయినా లిఫ్ట్ ఎక్కుతారు.

మగపెళ్లివారి విడిది వేరే చోటైతే వాళ్ల టిఫిన్ విడిగా బండిలో వెళ్తుంది. వాళ్లకు బయలుదేరే సమయం కాకుండా చేరే సమయం చెప్పండి. ఆ గిన్నెలకు లేబుళ్లు మూత మీద అంటించకూడదు. దించేటప్పుడు మూతలు తారుమారవుతాయి. గిన్నె పక్కన, చేయి తగలని చోట టేపు వేయాలి.

### చట్నీలకు వేరే గడియారం

వేడి వంటకాలు 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉన్నంతసేపు భయం లేదు. బఫే గిన్నె కింద మంట వెలుగుతోందో లేదో ఎవరో ఒకరు చూస్తుండాలి. కొబ్బరి చట్నీ అలా కాదు, బయట ఉన్న ప్రతి నిమిషం పులుపు వైపే నడుస్తుంది. బయట పెట్టిన చట్నీకి రెండు గంటలు గరిష్ఠం. ఎండాకాలంలో ఏసీ లేని హాలైతే ఒక్క గంటే.

అందుకే మొత్తం ఒకేసారి రుబ్బకుండా 6.15కి, 7.15కి, 8.15కి మూడు వాయిలుగా చేయించండి. పాత గిన్నెలో కొత్త చట్నీ పోయకుండా గిన్నెనే మార్చాలి. నీళ్లు పైకి తేలినా, అంచుల్లో నురగ కనిపించినా ఆ గిన్నె తీసేయాల్సిందే.

## 5. లేబుల్ మీద ఏం రాయాలి?

కార్డు పోస్టుకార్డు సైజుకు తగ్గకూడదు. పెద్దవాళ్లు కళ్లజోడు రూమ్‌లో వదిలేసి వస్తారు. వంటకం పేరు తెలుగులో పెద్దగా, కింద ఇంగ్లీషులో. ఉత్తరాది అతిథులు ఎక్కువుంటే హిందీ కూడా కలపండి. ఆపైన మూడు విషయాలే రాయాలి.

శాకాహార గుర్తు. మన దేశంలో ఆహార ప్యాకెట్ల మీద వాడే గుర్తే వాడండి, అందరికీ తెలుసు. శాకాహారానికి ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క. మాంసాహారానికి గోధుమ రంగు చదరంలో అదే రంగు త్రిభుజం. మాంసాహారానికి ఒకప్పుడు చుక్కే ఉండేది. రంగులు గుర్తుపట్టలేనివాళ్లకూ తెలియాలని త్రిభుజంగా మార్చారు. దీనివల్ల నలుపు తెలుపు ప్రింటు తీసినా తేడా కనిపిస్తుంది. గుడ్డు ఉన్న వంటకానికి కూడా మన దగ్గర త్రిభుజమే. కేకు, మఫిన్ లాంటివి బేకరీ నుంచి వస్తే గుడ్డు ఉందో లేదో అడగకుండా ఆకుపచ్చ చుక్క పెట్టకండి.

ఉల్లి, వెల్లుల్లి, దుంపలు లేని వంటకాలకు ఆ మాట పదాల్లోనే రాయండి. కొత్త గుర్తు కనిపెడితే దానికి మళ్లీ వివరణ కావాలి. మన మెనూలో ఇడ్లీ, కేసరి దీనికి సరిపోతాయి. పొంగలిలో అల్లం వేయకపోతే అదీ సరిపోతుంది. జైనులకు అల్లం కూడా పనికిరాదు.

నట్స్. "నట్స్ ఉన్నాయి" అని మాత్రమే రాస్తే చాలదు. ఏ నట్స్ అన్నది రాయాలి: "పల్లీలు (వేరుశనగ) ఉన్నాయి", "జీడిపప్పు ఉంది". ఇంగ్లీషు వరసలో పీనట్, క్యాష్యూ అని విడివిడిగా రావాలి. కొబ్బరి చట్నీకి "కొబ్బరి, పుట్నాలు ఉన్నాయి. పల్లీలు వేయలేదు" అని రాయండి.

"నట్ ఫ్రీ" అనే మాట మాత్రం ఎక్కడా వాడకండి. పక్కనే పల్లీ చట్నీ ఉన్న వంటగది నుంచి వచ్చిన ఏ గిన్నెకూ ఆ హామీ ఇవ్వలేం. "వేయలేదు" అన్నది మనకు తెలిసిన నిజం. మిగతాది టేబుల్ చివర ఒక పెద్ద కార్డు మీద ఒక్కసారి చెప్పండి: "వంటగదిలో పల్లీలు, జీడిపప్పు, నువ్వులు, పాలు, గోధుమ వాడుతున్నాం. అలర్జీ ఉన్నవాళ్లు వడ్డించే ముందు అడగండి."

కారం. ఇక్కడ నాలుకను నమ్మకూడదు. గుంటూరు నాలుకకు చప్పగా ఉన్నది అహ్మదాబాద్ నాలుకకు మంట. రుచి చూసి కాకుండా పదార్థాలు చూసి గుర్తు పెట్టండి.

- గుర్తు లేదు: ఇడ్లీ, పూరీ, కేసరి.
- ఒక మిరపకాయ: మిర్చి లేదా మిరియం వంటలోనే కలిసి ఉన్నవి. గారె, పెసరట్టు, పొంగలి, సాంబారు, కొబ్బరి చట్నీ, పల్లీ చట్నీ.
- రెండు మిరపకాయలు: మిర్చే ప్రధాన పదార్థంగా ఉన్నవి. కారప్పొడి, అల్లం పచ్చడి. ఈ పచ్చడి బెల్లం వల్ల మొదట తియ్యగా తగులుతుంది, కొత్తవాళ్లు మోసపోయేది అందుకే.

పూరీ కూర, ఉప్మాల్లో పచ్చిమిర్చి చీలికలుగా కనిపిస్తుంది. అయినా ఒక మిరపకాయ పెట్టేయండి. పొంగలి కార్డు మీద "మిరియాలు గింజలుగా ఉన్నాయి" అని ఒక మాట కలిపితే పసిపిల్లల తల్లులు ఏరి పెడతారు. అల్లం పచ్చడి పక్కన పెరుగు గిన్నె ఒకటి ఉంటే కార్డు చదవనివాళ్లకూ దారి ఉంటుంది.

ఒక కార్డు ఇలా పూర్తవుతుంది:

> కట్టె పొంగలి
> శాకాహారం (ఆకుపచ్చ చుక్క)
> జీడిపప్పు, నెయ్యి ఉన్నాయి. పల్లీలు వేయలేదు
> ఒక మిరపకాయ. మిరియాలు గింజలుగా ఉన్నాయి

## 6. టేబుల్ మీద వరస

వరస మొదట్లో ఇడ్లీ, సాంబారు, కొబ్బరి చట్నీ లాంటి పల్లీలు, జీడిపప్పు వేయనివి. ఆ తర్వాత జీడిపప్పు ఉన్నవి. పల్లీ చట్నీ, కారప్పొడి అన్నిటికంటే ఆఖరున. ఎవరి గరిటె నుంచైనా చుక్క పడితే, దాటి వచ్చిన గిన్నెల్లో పడే అవకాశం తక్కువ.

పల్లీ చట్నీ గరిటె మిగతావాటి కంటే వేరుగా కనబడాలి. పిడికి ఎర్ర టేపు చుట్టినా చాలు. అది కొబ్బరి చట్నీ గిన్నెలో కనిపిస్తే ఆ గిన్నె మొత్తం మార్చేయాలి. గరిటె తీసేసి ఊరుకోకూడదు.

అలర్జీ ఉన్న పిల్లాడికి మాత్రం బఫే మీద ఆధారపడకండి. కార్డులు ఎంత బాగున్నా 120 మంది చేతులు తిరిగే టేబుల్ అది. 6.30 వాయిలోని ఇడ్లీలు, మొదటి కొబ్బరి చట్నీ వంటగదిలోనే మూత ఉన్న గిన్నెలోకి తీసి, పేరు రాసి, నేరుగా తల్లి చేతికి ఇవ్వండి.

## 7. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సరిదిద్దే తీరు

గిన్నె మారింది, కార్డు మారలేదు. ఉప్మా అయిపోయి ఆ చోట పొంగలి వస్తుంది, ముందు ఉప్మా కార్డే ఉంటుంది. కార్డు స్టాండును టేబుల్ మీద కాకుండా గిన్నె పళ్లెం మీదే పెట్టండి. గిన్నెతోపాటు లోపలికి వెళ్లి, దానితోనే రావాలి.

ఆఖరి నిమిషంలో వంటకం మారింది. పూరీ కూర చాలక సెనగపిండి బొంబాయి చట్నీ వస్తుంది. నాలుగు ఖాళీ కార్డులు, ఒక స్కెచ్ పెన్ టేబుల్ కింద ఉంచండి. ఏముందో తెలియకపోతే "అడిగి తినండి" అని రాయడం ఊహించి రాయడం కంటే మేలు.

వడ్డించేవాళ్లకు తెలియదు. అతిథి అడిగితే కుర్రాడు భయపడి "ఏం లేవు సార్" అంటాడు. 6.45కి అందరినీ నిలబెట్టి ఒక్కటే చెప్పండి: తెలియకపోతే ఫలానా మనిషిని పిలవాలి. ఆ మనిషి దగ్గర కిచెన్ షీట్ ఉండాలి, 9.15 దాకా హాలు వదలకూడదు.

ఎవరో తప్పు గిన్నె తిన్నారు. పెదవులు, నాలుక వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, గొంతు బిగుసుకోవడం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. వాళ్ల దగ్గర అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ ఉంటే వెంటనే వేసి, 108కి ఫోన్ చేయాలి. విదేశాల్లో వాడే ఆ పెన్ను ఇక్కడి మందుల షాపుల్లో సులువుగా దొరకదు. అందుకే తెచ్చుకోమని పది రోజుల ముందు ఫోన్లోనే చెప్పాలి.

## 8. ఆ ఉదయం చూసుకోవాల్సిన చెక్‌లిస్ట్

ముందురోజు రాత్రి

- కిచెన్ షీట్ రెండు కాపీలు: ఒకటి మాస్టారికి, ఒకటి హాల్ మనిషికి.
- కార్డులు ప్రింటు, నాలుగు ఖాళీవి అదనంగా.
- టైమింగుల మెసేజ్ పంపారా? లిఫ్ట్ దగ్గర కాగితం అంటించారా?
- నూనె ఏ డబ్బాలోదో కళ్లారా చూశారా?

6.15కి

- మాస్టారిని మళ్లీ అడగండి: "రాత్రి చెప్పినదాంట్లో ఏమైనా మారిందా?"
- గ్రైండర్‌లో ఏ చట్నీ ముందు పడింది?
- అలర్జీ ఉన్నవాళ్ల గిన్నెలు విడిగా తీశారా?

6.55కి

- ప్రతి గిన్నెకూ దాని కార్డే ఉందా?
- ఎర్ర టేపు గరిటె పల్లీ చట్నీలోనే ఉందా?
- ఆమ్లెట్ కౌంటర్‌కు త్రిభుజం కార్డు, వేరే పెనం, వేరే అట్లకాడ ఉన్నాయా?

ప్రతి అరగంటకు

- చట్నీ గిన్నె ఎప్పుడు పెట్టారో అడుగున రాసిన సమయం చూడండి.
- బర్నర్లు వెలుగుతున్నాయా?
- వంటగదిలోంచి వచ్చిన కొత్త గిన్నెతో కార్డు వచ్చిందా?

9.15 తర్వాత మిగిలిన ఇడ్లీలు, గారెలు డ్రైవర్లకు, పనివాళ్లకు పంపేటప్పుడు కార్డులూ వెంట పంపండి. కొబ్బరి చట్నీ మాత్రం ఎవరికీ పంపకుండా పారబోయించండి. కిచెన్ షీట్ సాయంత్రం దాకా దాచి ఉంచాలి. మధ్యాహ్నం ఎవరికైనా ఒళ్లు దురద పెట్టిందంటే డాక్టర్ మొదట అడిగేది పొద్దున ఏం తిన్నారనే.